వణుకు ఆగితే ప్రమాదం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో సరుకు నిల్వ ఉండే గది -18 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉంటుంది. ఫ్యాన్ గాలి తగిలితే చలి ఇంకా పెరుగుతుంది. -20 డిగ్రీల దగ్గర గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది -30లా తగులుతుంది.

అట్టపెట్టెలు మోసే మనిషికి మొదటి శత్రువు చెమటే. లోపల కాటన్ బనియన్ ఉంటే తడిని పట్టి ఉంచుతుంది, పని ఆపగానే ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే ఒంటికి ఆనుకుని చెమటను బయటికి పంపే పాలిస్టర్ లేదా ఉన్ని బట్ట, దానిపైన వేడిని ఆపే స్వెటర్, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్ వేసుకోవాలి. చెమట పడుతుంటే జిప్పు కాస్త దించాలి. తడిసిన చేతి తొడుగులు, సాక్సులు వెంటనే మార్చాలి.

అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల పట్టిక ప్రకారం -26 నుంచి -28 డిగ్రీల చలిలో, గంటకు 16 కిలోమీటర్ల గాలి ఉంటే, పొడి బట్టలతోనైనా ఏకబిగిన 75 నిమిషాలకు మించి పనిచేయకూడదు. గాలి రెట్టింపైతే 40 నిమిషాలే. ఆపైన వెచ్చని గదిలో పది నిమిషాలు గడపాలి.

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే హైపోథర్మియా. మొదట వణుకు, తర్వాత పెట్టె చేజారడం, మాట ముద్దగా రావడం, తికమక. వణుకు ఆగి మనిషి మగతగా ఉంటే కుదుటపడ్డాడని అనుకోవద్దు. ఒంట్లో శక్తి అయిపోయిందని అర్థం. వెంటనే బయటికి తెచ్చి, తడిబట్టలు తీసి, ముందు ఛాతీ, మెడ వెచ్చబరుస్తూ 108కి ఫోన్ చేయాలి. చేతులు, కాళ్లు రుద్దకూడదు.