చిన్న చానల్ వీడియోకు మార్కులు వేసేదెలా?

తెలుగులో పెద్ద మీడియా సంస్థలు చాలావరకు ఒక్క యూట్యూబ్ చానల్‌తో ఆగడం లేదు. వార్తలకొకటి, సినిమా కబుర్లకొకటి, వంటకొకటి, భక్తికొకటి, సేద్యానికొకటి పెట్టి, అన్నింటినీ ఒకే ఆఫీసు నుంచి నడుపుతున్నాయి. వారం చివర ఏ వీడియో బాగా ఆడిందో తేల్చాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. వ్యూస్ చూసి వరుస పెడితే పైనున్నవన్నీ వార్తల చానల్‌వే. అందులో మామూలు వీడియో కూడా సేద్యం చానల్‌లోని అత్యుత్తమ వీడియోను దాటేస్తుంది. అలాంటి పట్టిక ఏ చానల్ పెద్దదో చెబుతుంది తప్ప, ఏ వీడియో బాగుందో చెప్పదు.

చాలామందికి తట్టే మొదటి ఉపాయం వ్యూస్‌ను సబ్‌స్క్రైబర్ల సంఖ్యతో భాగించడం. కానీ సబ్‌స్క్రైబర్ల లెక్క ఏళ్ల తరబడి పోగైనది. ఎనిమిదేళ్ల కిందట బటన్ నొక్కి, ఆ తర్వాత ఆ చానల్ వైపే చూడనివాళ్లు కూడా అందులో ఉంటారు. మరోవైపు హోమ్ పేజీలోనో, వెతుకులాటలోనో వీడియో కనబడి చూసేవాళ్లలో చాలామంది సబ్‌స్క్రైబర్లే కారు. కాబట్టి ఈ భాగహారం పాత చానళ్లను అన్యాయంగా కిందికి నెడుతుంది.

అంతకంటే నమ్మదగిన కొలత ఆ చానల్ సొంత అలవాటు. యూట్యూబ్ స్టూడియో కూడా కొత్త వీడియోను ఇలాగే చూస్తుంది. అదే చానల్‌లోని గత పది వీడియోలు విడుదలైన ఇంతే సమయానికి ఎన్ని వ్యూస్ తెచ్చుకున్నాయో చూసి, పదింటిలో ఇది ఎన్నోదో చెబుతుంది. ఇక్కడ గమనించాల్సింది ‘ఇంతే సమయానికి’ అన్న షరతు. నిన్నటి వీడియోను నెల కిందటి వీడియో మొత్తం వ్యూస్‌తో పోల్చకూడదు. రెండింటికీ మొదటి ఏడు రోజుల లెక్కే తీసుకోవాలి.

అలవాటును కొలవడానికి సగటు పనికిరాదు. పది వీడియోల్లో తొమ్మిదింటికి తలా 900 వ్యూస్ వచ్చి, ఒక్కటి వైరల్ అయి 2 లక్షలు తెచ్చిందనుకుందాం. సగటు 20,810 అవుతుంది. ఆ కొలతతో చూస్తే చానల్‌లో వచ్చే ప్రతి మామూలు వీడియో ఘోరంగా ఓడిపోయినట్టే కనిపిస్తుంది. వ్యూస్‌ను వరుసలో పేర్చి నడిమి అంకె తీసుకుంటే, అంటే పాఠ్యపుస్తకాల్లో చెప్పే మధ్యగతం తీసుకుంటే, 900 దగ్గరే నిలుస్తుంది. చివరి ముప్పై వీడియోల మధ్యగతం ఈ పనికి చాలు. కొలవబోయే వీడియోను మాత్రం ఆ ముప్పైలో కలపకూడదు.

ఒక ఊహాజనిత సంస్థను తీసుకుందాం. దాని వార్తల చానల్‌కు ఏడు రోజుల మధ్యగతం 80,000. వంట చానల్‌కు 12,000. సేద్యం చానల్‌కు 900. ఈ వారం వార్తల వీడియో ఒకటి 1,20,000, వంట వీడియో ఒకటి 30,000, మిరప తెగుళ్ల మీద చేసిన సేద్యం వీడియో 3,600 వ్యూస్ తెచ్చుకున్నాయి. మధ్యగతంతో భాగిస్తే వార్తలకు ఒకటిన్నర రెట్లు, వంటకు రెండున్నర, సేద్యానికి నాలుగు. వ్యూస్ వరుస పూర్తిగా తలకిందులై మిరప వీడియో మొదటి స్థానానికి వచ్చింది.

చాలా సంస్థలు ఇక్కడే ఆగిపోతాయి. దీనివల్ల పాత అన్యాయం పోయి కొత్తది వస్తుంది.

చిన్న సంఖ్యలు విపరీతంగా ఊగుతాయి. గణాంకవేత్త హోవర్డ్ వైనర్ 2007లో రాసిన ఒక వ్యాసంలో అమెరికా కౌంటీల ఉదాహరణ చూపించాడు. కిడ్నీ క్యాన్సర్ మరణాల రేటు అత్యల్పంగా ఉన్న కౌంటీలు ఎక్కువగా జనం తక్కువున్న పల్లె ప్రాంతాలవి. రేటు అత్యధికంగా ఉన్నవీ అలాంటివే. అక్కడి గాలిలోనో నీటిలోనో మహిమ ఏమీ లేదు. జనం తక్కువైనచోట ఒకరిద్దరి తేడాకే రేటు పైకో కిందికో ఎగిరిపోతుంది. చిన్న చానల్ పరిస్థితీ ఇంతే. ఒక రైతుల వాట్సాప్ గ్రూపులో లింక్ తిరిగితే చాలు, వ్యూస్ నాలుగింతలవుతాయి. వచ్చే వారం మూడో వంతుకు పడిపోతాయి. రెట్లు మాత్రమే చూస్తే పట్టిక పైభాగమంతా చిన్న చానళ్లే నిండుతాయి, అడుగు భాగం కూడా.

కాబట్టి చానల్ అలవాటుతో పాటు దాని ఊపునూ కొలవాలి. చివరి ముప్పై వీడియోల్లో నడిమి సగం ఏ హద్దుల మధ్య ఉన్నాయో చూస్తే అది తెలుస్తుంది. మన సంస్థలో వార్తల వీడియోల్లో సగం 50,000కూ 1,28,000కూ మధ్య ఉన్నాయనుకుందాం. అంటే మధ్యగతానికి 1.6 రెట్లు అటూ ఇటూ. వంట చానల్ నిలకడైనది, 9,600 నుంచి 15,000, అంటే 1.25 రెట్లు. సేద్యం చానల్ 300 నుంచి 2,700 దాకా, అంటే మూడు రెట్లు ఊగుతుంది. ఆ రెట్టింపునే ఒక మెట్టుగా తీసుకుని, వీడియో ఎన్ని మెట్లు ఎక్కిందో లెక్కపెట్టాలి.

```
score = log(views / median) / log(swing)
```

స్ప్రెడ్‌షీట్‌లో ఈ ఒక్క వరుస చాలు. వార్తల వీడియోకు 0.86 వస్తుంది. 1,20,000 అన్నది ఆ చానల్‌కు మామూలు హద్దుల్లోని అంకె కాబట్టి ఒక్క మెట్టు కూడా పూర్తికాలేదు. మిరప వీడియోకు 1.26, హద్దును కాస్త దాటింది. వంట వీడియోకు ఏకంగా 4.1. ఎప్పుడూ పెద్దగా కదలని చానల్‌లో రెండున్నర రెట్లు రావడం అరుదు. అసలు విశేషం అక్కడుంది. ఎడిటర్లు కూర్చుని ఆరా తీయాల్సింది ఆ వీడియో గురించే.

సూత్రం సరిగ్గా ఉన్నా, లోపలికి వెళ్లే అంకెలు చెడితే ఫలితమూ చెడుతుంది. డబ్బు పెట్టి ప్రకటనగా నడిపిన వ్యూస్ స్టూడియోలో `YouTube advertising` కింద కనిపిస్తాయి. వాటిని ముందే తీసేయాలి. పెద్ద చానల్ తన వీడియోల చివర చిన్న చానల్ వీడియోను చూపించి జనాన్ని మళ్లిస్తే, ఆ లెక్క `End screens` కింద ఉంటుంది. అలా వచ్చిన గెలుపు చిన్న చానల్ సొంతం కాదు. షార్ట్స్‌ను పూర్తి నిడివి వీడియోలతో ఎప్పుడూ కలపకూడదు. పైగా 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్ లెక్కింపు మార్చింది. వీడియో కదలడం మొదలైనా, మళ్లీ తిరిగినా అది వ్యూయే. పాత పద్ధతి లెక్క `Engaged views` పేరుతో కొనసాగుతోంది. ఆ తేదీకి ముందూ తర్వాతా పోల్చాలంటే ఆ లెక్కనే వాడాలి.

పండగల సంగతి వేరు. కార్తీకమాసంలో భక్తి చానల్ వీడియోలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వాటిని భాద్రపదం నాటి మధ్యగతంతో కొలిస్తే నెలంతా హిట్లే. నిరుడు కార్తీకంతో పోల్చడం న్యాయం. అలాగే వార్త రెండు రోజుల్లో చల్లారుతుంది, తెగుళ్ల వీడియోను రైతులు నెలల తరబడి వెతుక్కుని చూస్తారు. అందుకే ఏడు రోజుల పట్టికతో పాటు తొంభై రోజుల పట్టిక కూడా విడిగా ఉండాలి. ఐదారు వీడియోలే ఉన్న కొత్త చానల్‌కు ఊపు లెక్కేయడం కుదరదు. అది ఓ ఇరవై వీడియోలు పెట్టేదాకా అలాంటి మరో చానల్ ఊపును అరువు తెచ్చుకోవడం మేలు.

పద్ధతి న్యాయంగా పనిచేస్తోందో లేదో చూడటానికి మూడు నెలల పట్టికలు చాలు. సంస్థ మొత్తం వీడియోల్లో సేద్యం చానల్ వాటా ఐదో వంతైతే, పై స్థానాల్లో దాని వాటా కూడా సుమారు అంతే ఉండాలి. సగానికి మించి అదే కనిపిస్తోందంటే దాని ఊపును తక్కువగా లెక్కేశారన్నమాట. అట్టడుగు స్థానాలనూ ఇలాగే చూడాలి.

అయితే ఈ కొలతలో ప్రతి చానలూ పోటీపడేది తన నిన్నటితోనే. ఎదుగుతున్న చానల్‌కు మధ్యగతం పెరిగేకొద్దీ మార్కులు రావడం కష్టమవుతుంది. దిగజారుతున్న చానల్‌కు తేలికవుతుంది. కాబట్టి వీడియోల పట్టిక పక్కనే, ఒక్కో చానల్ మధ్యగతం నెలనెలా ఎటు పోతోందో చూపే గీత కూడా ఉండాలి. ఏ చానల్‌కు ఎంత బడ్జెట్ ఇవ్వాలన్నది ఆ గీతనూ, రాబడినీ చూసి తేల్చాల్సిన విషయం. మిరప వీడియోకు వచ్చిన 1.26 దానికి జవాబు చెప్పలేదు.