తొలి జీతంలో దాచే 5 వేలు: ఏది ఎక్కడ?

బాన్సువాడ: చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన యువకులు మన పట్టణంలో పలువురున్నారు. నెలనెలా కొంత దాచాలన్న తలంపు వారికి ఉన్నా, దానిని ఎక్కడ ఉంచాలన్నదే చిక్కు. ఎక్కడ ఎక్కువ వస్తుందని కాక, ఈ డబ్బు ఎప్పుడు కావలసి వస్తుందని ముందుగా అడగాలి.

నెలకు 20 వేల జీతం, 15 వేల ఖర్చు, 5 వేల మిగులు గల ఒక యువకుని లెక్క చూద్దాం. వచ్చే ఏడాది చెల్లెలి చదువుకు 24 వేలు కట్టవలసి ఉన్నది. ఇందుకు నెలకు 2 వేల చొప్పున బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయాలి. పోస్టాఫీసులోనూ ఈ ఖాతా ఉన్నది గాని, దాని గడువు 5 సంవత్సరాలు. మూడేళ్లు దాటనిదే మూయనివ్వరు. ఈ సంగతి తెలియక చేరిన వారు ఫీజు వేళకు అప్పు కోసం తిరుగుతారు.

ఆ 2 వేలను ఇండెక్స్ ఫండ్‌లో వేస్తే ఎక్కువ రాదా అని కొందరంటారు. ఈ ఫండు నిఫ్టీ సూచీలోని 50 కంపెనీల వాటాలను సూచీలో ఉన్న పాళ్లలోనే కొంటుంది. వాటాలను ఏరి కొనే పని లేనందున ఖర్చు తక్కువ. అయితే సూచీ పడితే ఇదీ పడుతుంది. 2020 జనవరి నడుమ నిఫ్టీ 12,360 దరిదాపుల్లో ఉండి, మార్చి 23న 7,610కి దిగింది. జనవరిలో పెట్టిన 24 వేలు ఆ రోజు 14,800 అయ్యేవి. నవంబరుకు సూచీ మళ్లీ పాత మెట్టు ఎక్కింది. కాని మార్చిలో ఫీజు కట్టవలసిన వాడు నవంబరు దాకా ఆగగలడా? కనీసం ఏడెనిమిదేళ్లు ముట్టని సొమ్మే ఇందులోకి పోవాలి.

మిగిలిన 3 వేలలో 1,500 సేవింగ్స్ ఖాతాలో అత్యవసరానికి ఉంచాలి. మూడు నెలల ఖర్చు, అంటే 45 వేలు, దీని హద్దు. ఉద్యోగం ప్రయివేటుదైతే ఇది మరీ అవసరం. వెయ్యి రూపాయలు పి.పి.ఎఫ్.లో వేయవచ్చును. దీనికి ప్రభుత్వ హామీ ఉన్నది, 2025లో వడ్డీ 7.1 శాతం. గడువు 15 సంవత్సరాలు, మొదటి అయిదేళ్లూ సొమ్ము తీయనివ్వరు. చివరి 500 ఇండెక్స్ ఫండుకు.

ఏడాది గడచి ఫీజు కట్టాక 2 వేలు ఖాళీ అవుతాయి. అప్పటికి అత్యవసర నిధిలో 18 వేలుంటాయి. ఆ 2 వేలూ ఇందులో కలిపితే నెలకు 3,500 చొప్పున మరో ఎనిమిది నెలల్లో 45 వేలు నిండుతాయి. తరువాతనే 5 వేలను పి.పి.ఎఫ్.కు, ఇండెక్స్ ఫండుకు చెరిసగం చేయవచ్చును.

ఫండులో చేరేటప్పుడు ఏజెంటు కమీషను లేని ‘డైరెక్ట్’ రకం అడగాలి. కిస్తీ తేదీ మరొక విషయం. మన దగ్గర ప్రయివేటు జీతాలు 7, 8 తేదీల దాకా జరుగుతూనే ఉంటాయి. 5వ తేదీ పెట్టుకుంటే ఖాతాలో సొమ్ము లేక కిస్తీ తిరిగిపోతుంది, బ్యాంకు జరిమానా వేస్తుంది. 500 కిస్తీకి ఆ దెబ్బ చిన్నది కాదు, కాబట్టి 12వ తేదీ పెట్టించుకోవడం మేలు.