సంతకం అసలుదే, రాసిందే అబద్ధం

మనం లాగిన్ అయ్యేది ఒక్కసారే. కానీ ఆ తర్వాత నొక్కే ప్రతి బటన్‌కూ 'ఇందాక పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే' అని బ్రౌజర్ సర్వర్‌కు ఏదో ఒక ఆధారం చూపించాల్సిందే. ఆ ఆధారం ప్రధానంగా రెండు రకాలు.

పాతది సెషన్. పాస్‌వర్డ్ సరిపోగానే సర్వర్ ఎవరూ ఊహించలేని పొడవాటి గుర్తు ఒకటి తయారుచేసి, అది ఎవరిదో తన పట్టికలో రాసుకుంటుంది. గుర్తును మాత్రం కుకీగా బ్రౌజర్‌కు ఇస్తుంది. లాగౌట్ నొక్కితే పట్టికలో ఆ వరుస కొట్టేస్తుంది. అంతటితో ఆ కుకీ ఎవరి చేతిలో ఉన్నా చెల్లదు. ఇబ్బందల్లా ప్రతి క్లిక్‌కూ పట్టిక తిరగెయ్యాలి, సర్వర్లు ఎన్ని ఉంటే అన్నింటికీ అది అందుబాటులో ఉండాలి.

ఆ బెడద లేకుండా వచ్చిందే టోకెన్. అందులో ఎక్కువగా వాడేది జేడబ్ల్యూటీ, 2015లో ప్రమాణంగా వెలువడింది. ఇది బస్‌పాస్ లాంటిది. కండక్టర్ డిపోకు ఫోన్ చెయ్యడు. ముద్ర, గడువు చూసి వదిలేస్తాడు. జేడబ్ల్యూటీలో చుక్కలతో విడదీసిన మూడు ముక్కలుంటాయి: సంతకం ఏ పద్ధతిలో చేశారో మొదటిది, వివరాలు రెండోది, సంతకం మూడోది. రెండో ముక్కను విప్పితే ఇలా ఉంటుంది:

```
{"sub":"1042","role":"user","exp":1767225600}
```

`exp` అంటే గడువు, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. పై అంకె మన టైమ్‌లో 2026 జనవరి 1 ఉదయం 5:30. దీన్ని చదవడానికి ఏ తాళంచెవీ అక్కర్లేదు, ఎవరైనా విప్పుకోవచ్చు. సంతకం దిద్దుబాటును పట్టిస్తుందే తప్ప, రాసినదాన్ని దాచదు. `user` తీసి `admin` అని పెడితే సంతకం కుదరదు, అంతే.

అసలు తలనొప్పి లాగౌట్‌తో వస్తుంది. మీ ఫోన్ తన దగ్గరున్న టోకెన్‌ను చెరిపేస్తుంది సరే, అప్పటికే దాని నకలు కొట్టేసినవాడికి గడువు దాకా ఢోకా లేదు. అందుకే గడువు పది, పదిహేను నిమిషాలే పెట్టి, కొత్తది తెచ్చుకోవడానికి ఇంకో టోకెన్ ఇస్తారు. దాని లెక్క మాత్రం సర్వర్ రాసుకుంటుంది. వద్దనుకున్న పట్టిక పెరటి గుమ్మంలోంచి మళ్లీ వచ్చిందన్నమాట!

సంతకం తనిఖీలోనూ పప్పులో కాలేసినవాళ్లున్నారు. ప్రమాణంలో `"alg":"none"` అనే వెసులుబాటు ఉంది, అంటే సంతకం లేదని. 2015లో టిమ్ మెక్‌లీన్ అనే పరిశోధకుడు బయటపెట్టే దాకా కొన్ని లైబ్రరీలు టోకెన్ ఆ మాట చెబితే నమ్మి, సంతకం చూడకుండానే లోపలికి పంపేవి. ఏ పద్ధతిని ఒప్పుకోవాలో సర్వరే ముందుగా ఖాయం చేసుకోవాలి, వచ్చినవాణ్ణి అడక్కూడదు.

ఇప్పుడు 'గూగుల్‌తో లాగిన్' లాంటి బటన్ల సంగతి. వీటి వెనకున్నది ఓఆథ్. బటన్ నొక్కగానే బ్రౌజర్ గూగుల్ పేజీకి వెళ్తుంది. పాస్‌వర్డ్ అక్కడే ఇస్తాం, సైట్ కంట పడదు. గూగుల్ మనల్ని వెనక్కి పంపుతూ, కాసేపే పనిచేసే కోడ్ ఒకటి ఇస్తుంది. సైట్ సర్వర్ ఆ కోడ్‌కు తన రహస్య కీ జతచేసి నేరుగా గూగుల్‌కు పంపి టోకెన్లు తెచ్చుకుంటుంది. టోకెన్‌నే బ్రౌజర్ చిరునామాలో పంపితే అది హిస్టరీలో మిగిలిపోవచ్చు, అందుకే ఈ డొంకతిరుగుడు. మీరెవరో చెప్పే టోకెన్ మామూలుగా జేడబ్ల్యూటీనే. సంతకం, గడువుతోపాటు `aud` కూడా సైట్ చూడాలి. అది ఎవరికోసం ఇచ్చారో చెబుతుంది. చూడకపోతే వేరే యాప్‌కు ఇచ్చిన టోకెన్ ఇక్కడా చెల్లిపోతుంది.

ఇవన్నీ చూసినా సరిపోని సందర్భం 2020లో ఎదురైంది. 'సైన్ ఇన్ విత్ యాపిల్'లో భావుక్ జైన్ అనే భారతీయ పరిశోధకుడు ఒక లోపం పట్టుకున్నారు. టోకెన్ అడిగేటప్పుడు ఏ ఈమెయిల్ రాసిపంపినా, అది అడిగినవాళ్లదేనా అని చూడకుండా యాపిల్ జేడబ్ల్యూటీ చేసి ఇచ్చేసేది. సంతకం నిజంగా యాపిల్‌దే, గడువూ సరైనదే. కాబట్టి అవతలి యాప్ ఎంత బుద్ధిగా తనిఖీ చేసినా తప్పు కనపడదు. సొంతంగా ఇంకో పరీక్ష పెట్టుకోని యాప్‌లలో ఇతరుల ఖాతాలోకి దూరిపోవచ్చు. యాపిల్ లోపాన్ని సరిచేసి ఆయనకు లక్ష డాలర్ల బహుమతి ఇచ్చింది. లాగ్‌లు వెతికితే దుర్వినియోగం జరిగిన ఆనవాళ్లు లేవని తేలింది.

ఒకవేళ ఎవరైనా అప్పట్లో దూరి ఉంటే? చాలా యాప్‌లు ఆ టోకెన్‌ను గుమ్మం దగ్గర ఒక్కసారే చూసి, ఆపైన తమ సొంత సెషన్ తెరుస్తాయి. దాన్ని మూయడం యాపిల్ చేతిలో లేదు. మీ గూగుల్ పాస్‌వర్డ్ మార్చినా అదే కథ: ఆ సైట్లో ముందే తెరిచిన సెషన్ దానంతటది మూతపడుతుందన్న హామీ లేదు. అందుకే అనుమానం వచ్చినప్పుడు ఆ సైట్ సెట్టింగ్స్‌లోకే వెళ్లి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ కొట్టాలి.