ఆ రెండు చుక్కల మధ్య దూరమెంత?

ఇల్లు సర్దుతుంటే సొరుగు అడుగున ఓ పాత ఫిట్‌నెస్ బ్యాండ్ దొరికింది. చార్జర్ లేదు, డబ్బా లేదు, తెర వెలగదు. ఇక దాని ఊరూ పేరూ చెప్పాల్సింది పట్టీ, వెనకనున్న బంగారు రంగు చుక్కలే.

ముందు పట్టీ. రబ్బరు పట్టీ ఒకే ముక్కగా ఉండి, నడుమ రంధ్రంలో బిళ్లలాంటి యంత్రం ఇమిడి ఉంటే అది షావోమీ ఎంఐ బ్యాండ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఏడో తరం వరకు అదే తీరు. ఎనిమిదో తరంలో పట్టీ రెండు ముక్కలైంది. వెనక నుంచి బొటనవేలితో నొక్కితే బిళ్ల ఊడొస్తుంది. దొరికిన బ్యాండూ అలాంటిదే, వెనక రెండు చుక్కలున్నాయి. కానీ నాలుగో తరానికీ అవే చుక్కలు, ఐదో తరానికీ అవే. చార్జర్లు మాత్రం వేరు. నాలుగుకి బిళ్లను ఊడదీసి చిన్న తొట్టిలో కూర్చోబెట్టాలి. ఐదు, ఆరు, ఏడు తరాలకు అయస్కాంతపు చార్జర్ ఒక్కటే; పట్టీ తీయకుండానే అంటుకుంటుంది. తేల్చేది బిళ్ల వెనకనున్న చీమతలంత అక్షరాలు. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే XMSH10HM అని ఉంది. అంటే ఐదు. XMSH07HM ఉంటే నాలుగు.

పేరులేని చవక వాచీలతోనే అసలు చిక్కు. 20, 22 మిల్లీమీటర్ల మామూలు పట్టీ ఏ కంపెనీ వాచీకైనా ఉంటుంది కాబట్టి అది ఏ ఆచూకీ ఇవ్వదు. ఇక్కడ స్కేలు తీయాలి. రెండు చుక్కల నడిమధ్యల దూరం 2.84 మిల్లీమీటర్లా, 4 మిల్లీమీటర్లా? రెండు పిన్నుల చార్జర్లలో ఎక్కువగా దొరికేవి ఈ రెండు కొలతలే. ‘టూ పిన్ చార్జర్’ అని మాత్రమే అడిగితే రెండోది చేతికి రావచ్చు.

కొలత కుదిరినా ప్లస్, మైనస్ తారుమారు కావచ్చు. అయస్కాంతం ఒక వైపు తిప్పితే అంటుకుని, మరో వైపు తోసేస్తే అది కొంత భరోసా, పూర్తి హామీ కాదు. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు మరి. అందుకే వాచీని దుకాణానికి తీసుకెళ్లి, అదే మోడల్ చార్జరేనని అడిగి తెలుసుకుని పెట్టి చూడటం మేలు. చుక్కలే లేకపోతే అది వైర్‌లెస్ రకం కావచ్చు. యాపిల్, శాంసంగ్ గెలాక్సీ వాచీలు అలాంటివే. వాటికి పిన్నుల చార్జర్ వెతికి లాభం లేదు.

సరైన చార్జర్ అంటుకున్నా తెర వెలగకపోతే, చుక్కల మీద ఎండిన చెమట పొర ఉందేమో చూడాలి. స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచి మళ్లీ పెట్టాలి. నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ కాబట్టి బొమ్మ కనిపించడానికి కొంతసేపు పట్టొచ్చు.