ఫొటో నిజమే, కింద రాసిందే అబద్ధం

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీర్ల వ్యవస్థ 2019 ఆగస్టు 15న మొదలైంది. సుమారు యాభై ఇళ్లకు ఒక మనిషి చొప్పున పెట్టారు. ఇప్పుడా వ్యవస్థ లేదు. కానీ పింఛన్ల కోసం, రేషన్ కోసం అప్పట్లో వాళ్లు పెట్టిన వాట్సాప్ గ్రూపులు చాలా ఊళ్లలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నల్లమల అంచున పల్నాడులోని ఒక ఊళ్లో అలాంటి గ్రూపునే చూసుకుంటున్న మాజీ వాలంటీరు ఒకామె ఓ ఆదివారం సాయంత్రం తన యాభై ఇళ్లవాళ్లనూ బడికి పిలిచింది. ఆమె ఆ ఊరి కోడలు. పెద్దవాళ్ల ముందు ఎదురు నిలబడి మాట్లాడటం తేలిక కాదు. అయినా మాట్లాడాల్సి వచ్చింది, ఎందుకంటే అంతకుముందు వారం చెరువు కట్ట మీద చిరుతపులి కూర్చున్న ఫొటో ఒకటి చుట్టాల గ్రూపుల్లో తిరిగి, రాత్రిపూట మోటార్లు వేయడానికి పొలం వెళ్లేవాళ్లే లేకుండా పోయారు.

అయితే ఆమె చిరుతతో మొదలుపెట్టలేదు. బడిలోని టీవీ మీద 2018 నాటి సంగతి చూపించింది. ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు దేశమంతా పాకింది. రుజువుగా ఒక ఫొటో చేతులు మారింది. వరసగా పడుకోబెట్టిన చిన్నపిల్లల శవాలవి. అవయవాల కోసం చంపేశారని కింద రాసి ఉంది.

"ఆ ఫొటో దొంగది కాదు మావయ్యా, నిజందే. ఆ పిల్లలు నిజంగానే చనిపోయారు. కాకపోతే మన దేశంలో కాదు. సిరియాలో, 2013 ఆగస్టులో ఘౌతా అనే చోట విషవాయువు దాడిలో పోయారు. ఐదేళ్ల తర్వాత ఎవరో దాని కింద రెండు ముక్కలు రాసి మనకు పంపారు."

2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఊరి జనం ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లు భిక్షాటన మీద బతికే సంచార కులస్తులు. అక్కడి ఫోన్లలో ఈ ఫొటోలాంటివే తిరిగాయి. అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసుల్ని ఊళ్ల మీదికి పంపి, డప్పులతో, పాటలతో ఇదంతా వట్టి పుకారని చెప్పించారు. మన ప్రాంతంలో ఈ పనికి అదే తొలి పెద్ద ప్రయత్నమని నా అభిప్రాయం. ఫోన్లో పుట్టిన భయాన్ని ఊరి నడుమ మనుషులే నిలబడి పోగొట్టాలని ఆమె పట్టుకున్నారు.

వాలంటీరు ప్రసంగమంతా ఈ ఒక్క ముడి చుట్టూనే తిరిగింది. నకిలీ ఫొటో అనగానే కంప్యూటర్‌లో అతికించినదనో, ఏఐతో చేసినదనో అనుకుంటాం. గ్రూపుల్లో తిరిగేవాటిలో చాలావాటికి అంత శ్రమ అక్కర్లేదు. ఎక్కడో ఎప్పుడో తీసిన అసలు ఫొటో చాలు, ఊరి పేరు మారిస్తే పనైపోతుంది. ఇక నమ్మకం సంగతికొస్తే, అది ఫొటోను చూసి పుట్టదు, పంపినవాళ్లను చూసి పుడుతుంది.

"హైదరాబాద్‌లో ఉన్న చిన్నాన్న పంపాడంటారు. చిన్నాన్న మంచివాడే, కాదనను. కానీ ఆ ఫొటో చిన్నాన్న తీశాడా అత్తా? పైన కనిపించేది పంపినవాళ్ల పేరు. తీసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు."

ముందువరసలో కూర్చున్న పెద్దాయన వెంటనే పట్టుకున్నాడు. "మరి ఫోన్లో తేదీ ఉంటుంది కదమ్మా?" అన్నాడు. మంచి ప్రశ్న. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు ఆ క్రమంలో రాలిపోతాయి. గ్యాలరీలో కనిపించే తేదీ మన ఫోన్లోకి వచ్చిన రోజుదే. పైన రెండు బాణాలతో "Forwarded many times" అని ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని తెలుస్తుంది. ఆ గుర్తు లేనంత మాత్రాన కొత్తదని కాదు. ఎవరైనా ఫొటోను సేవ్ చేసుకుని మళ్లీ పెడితే ఆ గుర్తు పోతుంది.

తర్వాత ఆమె సిరియా ఫొటోను ఎలా పట్టుకోవాలో అందరి ముందూ చేసి చూపింది. ఫొటోను సేవ్ చేసుకుని, గూగుల్ యాప్‌లో కెమెరా బొమ్మ నొక్కి, ఆ ఫొటోను ఎంచుకోవాలి. కింద తెలుగు అక్షరాలుంటే అవి రాకుండా అంచుల్ని జరిపి, బొమ్మ మేరకే ఉంచాలి. లేకపోతే గూగుల్ ఆ అక్షరాల వెంటే పోతుంది. వచ్చిన ఫలితాల్లో మొదటిది చూసి ఆగిపోకూడదు, అన్నిటికన్నా పాత తేదీ దేనికుందో వెతకాలి. 2018లో జరిగిందని చెప్పిన ఘటన ఫొటో 2013 వార్తలోనే కనిపిస్తే ఇక తగాదా లేదు. తెలుగులోనే చదవాలంటే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి హైదరాబాద్ సంస్థలు ఇలాంటివాటి గుట్టు విప్పుతూ తెలుగులో రాస్తున్నాయి.

అప్పుడొచ్చింది చిరుత వంతు. దాన్నీ అలాగే వెతికింది. ఏమీ దొరకలేదు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి, దొరకలేదంటే నిజమే అన్నమాట అని. సరిగ్గా చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పాత ఫొటోకైతే ఎక్కడో ఒకచోట జాడ ఉంటుంది. ఏఐతో నిన్న రాత్రి చేసిన బొమ్మకు పాత జాడ ఎక్కడి నుంచి వస్తుంది? వేళ్లు లెక్కపెట్టు, నీడలు చూడు అని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పటి బొమ్మల్లో ఆ తప్పులు బాగా తగ్గాయి, దాని మీద ఆధారపడటం దండగ.

అందుకని ఆమె ఫోన్ పక్కన పెట్టి చెరువు దగ్గరికి వెళ్లింది. నల్లమల పక్కనే ఉంది కాబట్టి చిరుత రావడం వింతేమీ కాదు, ఆ మాట కూడా ఆమె దాచలేదు. ఫారెస్టు బీట్ ఆఫీసరును వెంటబెట్టుకుని కట్ట పొడుగునా చూసింది. చిరుత నడిస్తే బురదలో అడుగు పడుతుంది. నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి ఆ అడుగులో మామూలుగా గోళ్ల గుర్తులుండవు. అక్కడ దొరికిన అడుగులన్నిటికీ గోళ్లున్నాయి, అంటే కుక్కలవి. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఫొటోలో కట్టకు రాతి మెట్లున్నాయి, వీళ్ల చెరువుకు మెట్లే లేవు. రోజూ గేదెల్ని కడిగే చెరువు అది. ఊరివాళ్లు చిరుతను చూసిన కంగారులో చెరువును చూడలేదు.

"నేను చెప్పేది పెద్ద చదువు కాదు. చూసినవాళ్లెవరు, ఎప్పుడు, ఎక్కడ? ఈ మూడూ చెప్పగలిగే మనిషి దొరికేదాకా దాన్ని ఇంకో గ్రూపులో వేయకండి."

వెనక నుంచి ఒక కోడలు అడిగింది, "మా మావయ్యే పంపితే తప్పని గ్రూపులో ఎలా చెప్పనక్కా?" అని. అందరూ నవ్వారు గానీ, చుట్టాల గ్రూపుల్లో అసలు చిక్కు అదే. నలుగురిలో తప్పని చెబితే పెద్దాయన దాన్నే పట్టుకుని కూర్చుంటాడు. వాలంటీరు చెప్పిన దారి నాకు నచ్చింది. గ్రూపులో ఏమీ రాయొద్దు, విడిగా ఫోన్ చేయి. తప్పని చెప్పకుండా "ఇది మీకెవరు పంపారు మావయ్యా?" అని అడుగు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునేటప్పుడు చాలామంది తామే వెనక్కి తగ్గుతారు. పంపినవాళ్లు సుమారు రెండు రోజుల్లోపు దాన్ని అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు. గ్రూపు అడ్మిన్ ఎవరు పెట్టినదైనా తీసేయగలరు. ఈలోగా వేరే గ్రూపులకు పోయిన కాపీలను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

పరువు సంగతి అలా ఉంచితే, చట్టం సంగతీ ఉంది. జనంలో భయం రేపే పుకార్లు వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఫలానా మనిషి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంటూ ఫొటో వస్తే మాత్రం వెతుకులాటలకు కూర్చోవద్దు. ఆ మనిషి మీ ఊళ్లోనే ఉండి ఉండవచ్చు, చుట్టూ అప్పటికే జనం మూగి ఉండవచ్చు. ముందు 112కు ఫోన్ చేయండి.