అకారాదిలో తారుమారైన అభిప్రాయాలు

ఒక స్కూలు పొద్దున్న బస్సును అరగంట ముందుకు జరపాలనుకుందనుకుందాం. 40 మంది తల్లిదండ్రులకు ఫారం పంపి, ఈ మార్పుతో ఏకీభవిస్తారా అని అడిగారు. 'పూర్తిగా ఏకీభవిస్తాను' అని ముగ్గురు, 'ఏకీభవిస్తాను' అని ఆరుగురు, 'తటస్థం' అని నలుగురు, 'ఏకీభవించను' అని 15 మంది, 'పూర్తిగా ఏకీభవించను' అని 12 మంది టిక్కు పెట్టారు. అంటే 27 మందికి ఈ మార్పు ఇష్టం లేదు.

ఈ జవాబుల్ని ఎక్సెల్‌లో వేసి పివట్ టేబుల్ తీస్తే వరుస మారిపోతుంది. మొదట 'ఏకీభవించను' 15, తర్వాత 'ఏకీభవిస్తాను' 6, 'తటస్థం' 4, 'పూర్తిగా ఏకీభవించను' 12, చివర 'పూర్తిగా ఏకీభవిస్తాను' 3. కంప్యూటరు ఏ, త, ప అని అకారాది క్రమం చూసుకుంది, అంతే. కాదన్నవారి పక్కన ఔనన్నవారు వచ్చి కూర్చున్నారు. గ్రాఫు గీస్తే గీతలు పైకీ కిందికీ ఊగుతాయి తప్ప, జనం ఎటు మొగ్గారో కంటికి ఆనదు.

అక్కడితో ఆగితే చూడ్డానికి బాగాలేదని సరిపెట్టుకోవచ్చు. అసలు ప్రమాదం జవాబుల్ని అంకెలుగా మార్చినప్పుడు వస్తుంది. 1932లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లికర్ట్ మనుషుల వైఖరిని కొలవడానికి ఇలాంటి జవాబుల మెట్లు కట్టి, వాటికి 1 నుంచి 5 దాకా అంకెలిచ్చాడు. ఆ అంకెకు విలువ దాని స్థానం వల్లే వస్తుంది. పూర్తి అంగీకారానికి 1, పూర్తి వ్యతిరేకతకు 5 ఇచ్చి మన 40 మంది సగటు తీస్తే 3.675 వస్తుంది. నడిమి అంకె 3 కంటే ఎక్కువ కాబట్టి మొగ్గు వ్యతిరేకత వైపే. అకారాది వరుసకే 1 నుంచి 5 వేసేస్తే సగటు 2.55. అది చూసినవాళ్లు తల్లిదండ్రులు కాస్త సుముఖంగానే ఉన్నారనుకుంటారు. బస్సు అరగంట ముందే వచ్చేస్తుంది!

అందుకే వరుస ఏమిటో మనమే కంప్యూటరుకు చెప్పాలి. ఎక్సెల్‌లో File, Options, Advanced లోకి వెళ్లి Edit Custom Lists నొక్కి, ఐదు జవాబుల్నీ మనకు కావలసిన వరుసలో ఒక్కసారి రాసిపెడితే చాలు. జనవరి తర్వాత ఫిబ్రవరి రావాలని ఇంగ్లీషు నెలల పేర్ల విషయంలో ఎక్సెల్‌కు తెలిసింది కూడా ఇలాంటి జాబితా దానిలో ముందే ఉండబట్టి. గణాంకాలకు వాడే ఆర్ భాషలో ఇలా రాస్తారు:

```r
v <- c("పూర్తిగా ఏకీభవిస్తాను", "ఏకీభవిస్తాను", "తటస్థం",
       "ఏకీభవించను", "పూర్తిగా ఏకీభవించను")
f <- factor(x, levels = v, ordered = TRUE)
```

ఇక్కడ `x` అంటే వచ్చిన జవాబులు, `v` మనం చెప్పిన వరుస. కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటొకటి ఉంది. ముందు `f <- factor(x)` అని రాసి, వరుస సరిగా లేదని చూసి, `levels(f) <- v` అని సరిచేయబోతారు. దానివల్ల వరుస మారదు, పేర్లు మారతాయి. అకారాదిలో మొదట ఉన్న 15 మంది 'ఏకీభవించను' వాళ్లకు 'పూర్తిగా ఏకీభవిస్తాను' అనే పేరు తగులుతుంది. లెక్క 15, 6, 4, 12, 3 అలాగే ఉంటుంది కానీ ఇప్పుడు 21 మంది ఔనన్నట్టు, 15 మంది కాదన్నట్టు కనిపిస్తుంది. పేర్లన్నీ చక్కటి వరుసలో ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాదు. నన్నడిగితే గజిబిజిగా ఉన్న అకారాది గ్రాఫే దీనికన్నా నయం, చూడగానే ఏదో తేడా ఉందని తెలుస్తుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. వరుస మార్చక ముందు, మార్చాక ఒక్కో జవాబుకు ఎంతమందో లెక్క తీయాలి. 'ఏకీభవించను' పక్కన ముందు 15 ఉంటే తర్వాతా 15 ఉండాలి. మొత్తం కూడా 40 రావాలి. 38 వస్తే ఎక్కడో జవాబు చివర ఒక ఖాళీ మిగిలిపోయిందనో, ఒక అక్షరం తేడాగా పడిందనో అర్థం. జాబితాలోని మాటతో అచ్చుగుద్దినట్టు సరిపోని జవాబును ఆర్ మాట్లాడకుండా ఖాళీగా వదిలేస్తుంది. 'తెలియదు' అనే జవాబు ఉంటే దాన్ని ఈ మెట్ల మధ్యలోకి తేకూడదు. తటస్థం ఒక అభిప్రాయం, తెలియకపోవడం వేరు. దాన్ని విడిగా చూపించాలి.

వరుస సరిగా ఉన్నా సగటును అతిగా నమ్మలేం. ఏకీభవించడానికీ పూర్తిగా ఏకీభవించడానికీ మధ్య ఎడం, తటస్థానికీ ఏకీభవించకపోవడానికీ మధ్య ఎడం ఒకటేనని ఎవరూ కొలవలేదు. కొలతల్లో వరుస మాత్రమే తెలిసినవి, ఎడం కూడా తెలిసినవి వేరు వేరని ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లోనే విడదీసి చెప్పాడు. వరుస ఒక్కటే నమ్మదగినప్పుడు మధ్యగతం చూడటం మేలు. 40 మందినీ పూర్తి అంగీకారం నుంచి పూర్తి వ్యతిరేకత దాకా నిలబెడితే, నడుమ వచ్చే 20వ, 21వ వ్యక్తులిద్దరూ 'ఏకీభవించను' అన్నవారే. అదే 40 మందిని అకారాదిలో నిలబెడితే ఆ రెండు చోట్లా ఉండేది 'ఏకీభవిస్తాను' అన్నవారు.