‘మీరిద్దరూ మాట్లాడుకోండి’ అంటే సరిపోదు

“అక్కడికెళ్లి నా పేరు చెప్పండి, పని అయిపోతుంది.” తెలుగునాట పరిచయాలు ఎన్నో ఏళ్లుగా ఈ ఒక్క మాట మీదే నడిచాయి. మనిషి ఎదురుగా నిలబడితే ఆ మాట పనిచేస్తుంది కూడా. కూర్చోబెడతారు, టీ తెప్పిస్తారు, ఏ పని మీద వచ్చారో అడిగి తెలుసుకుంటారు. ఈమెయిల్లో ఆ వెసులుబాటు లేదు. ఫోన్ తెర మీద కనిపించేది నాలుగు లైన్లు. దాని కిందే ఇంకా చదవాల్సిన మెయిళ్లు బోలెడు. ఎందుకు మాట్లాడాలో ఆ నాలుగు లైన్లలో తెలియకపోతే వేలు తరువాతి మెయిల్ మీదికి పోతుంది.

అయినా ఉద్యోగ, వ్యాపారాల్లో ఇద్దరిని కలిపే మెయిళ్లలో చాలా భాగం ఇప్పటికీ ఇలాగే ఉంటాయి: “నమస్తే. మీరిద్దరూ నాకు బాగా కావలసినవాళ్లు. పరిచయం ఉంటే ఒకరికొకరు ఉపయోగపడతారనిపించింది. ఇక మీరూ మీరూ మాట్లాడుకోండి.” రాసినవారి మనసు మంచిదే. చదివిన ఇద్దరికీ మాత్రం చెరో అనుమానం వస్తుంది. ఈయన నాకేదో అమ్మబోతున్నాడని ఒకరు, ఈయన నన్ను ఉచితంగా సలహాలు అడుగుతాడని మరొకరు. ముందు ఎవరు పలకరించాలో ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆగి చూస్తారు, తరువాత మరిచిపోతారు.

దీన్ని ఎలా రాస్తే పని జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. విజయవాడలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఉన్నారు. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక యజమాని లెక్కలు ఆయనే చూస్తారు. హైదరాబాద్‌లో ఆయనకు తెలిసిన ఒక ఇంజనీరు ఉన్నారు. పాల డెయిరీల్లో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలిచి చెప్పడం ఆమె పని. మీ క్లయింట్లలో కోల్డ్ స్టోరేజీల వాళ్లెవరైనా ఉంటే పరిచయం చేయమని ఆమె ఈయనను అడిగారు.

వీళ్లిద్దరికీ పైకి పొంతన లేదు. ఒకరిది మిర్చి, ఇంకొకరిది పాలు. కాని రెండు చోట్లా చల్లదనం తెచ్చేది అమ్మోనియా ప్లాంటే. కండెన్సర్ గొట్టాల మీద నీటిలోని ఉప్పు పొరకడితే వేడి సరిగా బయటికి పోదు, అప్పుడు కంప్రెసర్ ఎక్కువ పీడనం మీద తిరగాలి, మీటరు కూడా ఆ లెక్కనే తిరుగుతుంది. లోపల ఉన్నది పాల క్యాన్లా, మిర్చి టిక్కీలా అన్నది ఆ గొట్టాలకు అనవసరం. తన సమస్య డెయిరీ ఇంజనీరుకు తెలిసిన సమస్యేనని యజమానికి తెలియదు. తనకు కావలసిన ప్లాంటు ఎవరి దగ్గరుందో ఇంజనీరుకు తెలియదు. రెండు వైపులా చూడగలిగింది మధ్యలో ఉన్న అకౌంటెంట్ ఒక్కరే. పరిచయం చేసేవాడి అసలు పని ఈ లంకెను పట్టుకుని మాటల్లో పెట్టడం. ఇద్దరినీ పొగడటం కాదు.

లంకె దొరికింది కదా అని వెంటనే ఇద్దరి అడ్రసులూ పెట్టి మెయిల్ కొట్టేయకూడదు. న్యూయార్క్‌కు చెందిన వెంచర్ క్యాపిటలిస్ట్ ఫ్రెడ్ విల్సన్ 2009లో ఈ విషయం మీద రాసినప్పటి నుంచి స్టార్టప్ ప్రపంచంలో దీనికి ‘డబుల్ ఆప్ట్-ఇన్’ అనే పేరు స్థిరపడింది. కలపబోయే ఇద్దరినీ విడివిడిగా అడిగి, ఇద్దరూ సరేనన్నాకే కలపాలన్నది పద్ధతి. మన అకౌంటెంట్ విషయంలో ఇది మర్యాదతో ఆగదు. క్లయింటు సమాచారాన్ని అతని అనుమతి లేకుండా బయటపెట్టడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం ప్రకారం వృత్తిపరమైన తప్పు. యజమాని కరెంటు బిల్లు ఎంతొస్తోందో ఇంజనీరు చెవిన వేయడానికి ఆయనకు హక్కు లేదు.

కాబట్టి ఆయన ముందు ఇంజనీరును ఒక కొత్త మెయిల్ రాయమన్నారు. అది యథాతథంగా ముందుకు పంపడానికి పనికిరావాలి. ఆమె ఇలా రాశారనుకుందాం:

“పాల డెయిరీల్లో అమ్మోనియా ప్లాంట్ల కరెంటు వాడకం కొలిచి, ఎక్కడ తగ్గించవచ్చో చెప్పే పని చేస్తున్నాను. బీఈఈ పరీక్ష పాసైన ఎనర్జీ ఆడిటర్‌ని. మిర్చి స్టోరేజీలో ఇంతవరకు పనిచేయలేదు. సరుకు లోపలికి వచ్చే రోజుల్లో లోడు ఎలా పెరుగుతుందో ఒక ప్లాంటులో చూడాలని ఉంది. రెండు గంటలు ఉండి, కంప్రెసర్ లాగ్‌బుక్ చదివి, గమనించింది ఒక పేజీలో రాసిస్తాను. దానికి ఫీజు లేదు. తరువాత పూర్తి ఆడిట్ చేయించుకోవాలా వద్దా అన్నది వారిష్టం.”

ఇందులో బలమైన వాక్యం ‘మిర్చి స్టోరేజీలో పనిచేయలేదు’ అన్నదే. ఫీజు లేకుండా ఎందుకు వస్తానంటోందన్న అనుమానానికి జవాబు అక్కడే దొరుకుతుంది. ఆమెకు ఈ రంగంలో మొదటి ప్లాంటు కావాలి. ఎదుటివాడికి ఏం కావాలో తెలిస్తే మనిషి నిశ్చింతగా మాట్లాడతాడు. ఇంకో సంగతి, ఆమె అడిగింది రెండు గంటలు, ఇస్తానన్నది ఒక పేజీ. ‘ఒకసారి కలిసి మాట్లాడుకుందాం’ అన్నదానికి ఏమని జవాబివ్వాలో తోచదు. రెండు గంటలకైతే అవుననో కాదనో చెప్పొచ్చు.

అకౌంటెంట్ దాన్ని యజమానికి పంపిస్తూ పైన నాలుగు ముక్కలు చేర్చారు: “నిరుడు ఎండాకాలం బిల్లు చూసి మీరన్న మాట గుర్తుంది. కింద మెయిల్ రాసినావిడ నాకు తెలుసు, ఒక డెయిరీలో ఆవిడ పని దగ్గరుండి చూశాను. మీ పేరు గానీ మీ బిల్లు గానీ చెప్పలేదు. సరేనంటే కలుపుతాను. ఇప్పుడు సీజన్ ఒత్తిడిలో కుదరదంటే ఏమీ అనుకోను.” ఆ చివరి వాక్యం తప్పనిసరి. కాదనడానికి దారి వదలకపోతే మన దగ్గర ఎవరూ కాదనరు. మొహమాటానికి సరేనని, ఫోను ఎత్తడం మానేస్తారు. ఒకవేళ యజమాని వద్దంటే ఆమెకు ‘ఇప్పుడు వీలు పడలేదండీ’ అని చెబితే చాలు, ఆయనెవరో, ఎందుకు వద్దన్నారో చెప్పక్కర్లేదు.

యజమాని ఒప్పుకున్నారు. సాయంత్రం ఐదు దాటాక ముందు ఫోన్లో మాట్లాడతానన్నారు, బిల్లు సంగతి చెప్పినా ఫర్వాలేదన్నారు. ఇప్పుడు అసలు మెయిల్. దాని సబ్జెక్ట్ లైనులో ‘పరిచయం’ అని మాత్రమే రాస్తే రెండు నెలల తరువాత వెతుక్కున్నా దొరకదు. ‘మిర్చి స్టోరేజీ కరెంటు బిల్లు: ఎనర్జీ ఆడిటర్ పరిచయం’ అంటే విప్పకముందే విషయం తెలుస్తుంది. లోపల ముందుగా యజమానిని సంబోధించారు. సమయం ఇస్తున్నది ఆయన కనుక అది సబబు. ఆయనకు ఇంజనీరు గురించి ఒక వాక్యం, ఆమెకు యజమాని గురించి ఒక వాక్యం. ఆ తరువాత ఇలా:

“రెండు చోట్లా అమ్మోనియా ప్లాంటే కనుక డెయిరీల్లో ఈవిడ చూసిన లోపాలు మీ దగ్గరా ఉండొచ్చు. మార్చి నుంచి బిల్లు ఎందుకు ఎగబాకుతోందన్నది మీ ప్రశ్న. మిర్చి ప్లాంటు ఎలా నడుస్తుందన్నది ఈవిడ ప్రశ్న. గురువారం సాయంత్రం ఐదు తరువాత ఈవిడే మీకు ఫోన్ చేస్తారు. నంబరు కింద ఇస్తున్నాను. ఇక్కడితో నేను తప్పుకుంటాను.”

మెయిల్ మొత్తం ఫోన్ తెర మీద ఒక చూపులో అయిపోతుంది. ఎవరు ముందు పలకరించాలో, ఎప్పుడో అందులోనే ఉంది. దీన్ని ఆయన కొత్త మెయిల్‌గా పంపారు, పాతదానికి రెండో అడ్రసు తగిలించలేదు. అక్కడే చాలామంది దొరికిపోతారు. పాత సంభాషణ అంతా కింద వేలాడుతూ ఉంటుంది. ‘ఆయన కాస్త చేతి బిగువు మనిషి, ఫీజు సంగతి ముందే తేల్చుకోండి’ అని ఎప్పుడో రాసిన మాటను ఆ ‘ఆయనే’ చదువుకుంటాడు.

జవాబిచ్చేటప్పుడు ఇంజనీరు చేయాల్సింది ఒకటుంది. అకౌంటెంట్‌కు ఒక వాక్యంలో కృతజ్ఞత చెప్పి, ఆయన అడ్రసును Bcc గడిలోకి మార్చాలి. పరిచయం అందిందని ఆ మెయిల్‌తో ఆయనకు తెలుస్తుంది. తరువాత యజమాని Reply all నొక్కినా ఆ జవాబులు ఆయనకు వెళ్లవు. ఏ రోజు రావాలి, గేటు దగ్గర ఎవరిని అడగాలి అన్న ముచ్చట్లు ఆయనకెందుకు? అయితే Bccలో ఉన్నవారు పొరపాటున Reply all నొక్కితే వారి జవాబు అందరికీ వెళుతుంది. అక్కడ ఉన్నవారు చదివి ఊరుకోవడమే మేలు.

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్నకు సామాజిక శాస్త్రంలో పాత జవాబొకటి ఉంది. అమెరికన్ పరిశోధకుడు మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ పక్కనున్న న్యూటన్ అనే ఊళ్లో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిని ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ అన్నవారు దాదాపు 17 శాతం. అప్పుడప్పుడు అన్నవారు సగానికి పైనే. మిగిలినవారు ఎప్పుడో గానీ కలవమన్నారు. ఈ ఫలితం 1973లో అచ్చయిన ఆయన ప్రసిద్ధ వ్యాసంలో ఉంది. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు కాస్త దూరపువాళ్ల దగ్గర్నుంచే వస్తుంది అన్నది ఆయన వాదన. కాని దూరపువాళ్ల దగ్గర మొహమాటం ఎక్కువ, చొరవ తక్కువ. కారణం రాసి చూపించాల్సి వచ్చేది అందుకే.

కారణం ఒకవైపే ఉన్న సందర్భాలూ ఉంటాయి. ‘అమెరికాలో మీ ఫ్రెండు పనిచేసే కంపెనీలో మావాడికి రిఫరల్ ఇప్పించండి’ అన్నది మన ఇళ్లలో తరచూ వినిపించే మాట. దాన్ని ఇద్దరికీ లాభం ఉన్నట్టు చుట్టి రాయడం అనవసరం. ‘ఇది నా అభ్యర్థన, కుర్రాడి పని నేను చూడలేదు, రెజ్యూమే చూసి మీకు నచ్చితేనే’ అని రాయడం నిజాయితీ. చూడని పనిని మెచ్చుకుంటూ రాస్తే ఎలా ఉంటుందో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు బాగా తెలుసు. ఆయన పారిస్‌లో ఉండగా అమెరికా సైన్యంలో కొలువు కోసం ఫ్రెంచి ఆఫీసర్లు సిఫారసు లేఖలివ్వమని చంపుకుతినేవారు. 1777లో ఆయన విసిగిపోయి ఒక నమూనా లేఖే తయారుచేసుకున్నాడు. ఈ మనిషి ఎవరో నాకు తెలియదు, పేరైనా తెలియదు, ఇతని గుణగణాలు నాకంటే ఇతనికే బాగా తెలుసు కనుక ఇతన్నే అడగండి అన్నది దాని సారాంశం. మనవాళ్లు పంపే చాలా మెయిళ్లలో ఉన్నది అదే, కాకపోతే ఫ్రాంక్లిన్ పైకి ఒప్పుకున్నాడు.

పరిచయం చేయించుకున్నవారికి ఒక మనవి. పని అయినా కాకపోయినా, మధ్యలో నిలబడినవారికి రెండు వారాల్లోపు ఒక కబురు పెట్టండి. ‘ప్లాంటు చూశాను, కండెన్సర్ శుభ్రం చేయిస్తున్నారు’ అన్నంత చాలు. ‘కుదరలేదు’ అన్నా చాలు. ఏ కబురూ రాకపోతే మీ కోసం మరొకరిని అడగడానికి వారు జంకుతారు.